పడిన చోటు, ఆగిన చోటు

రాయ్‌పూర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరి నాకు అప్పటికి నాలుగేళ్లు. మా నాన్న రైల్వేలో గార్డు. విజయనగరం వైపు నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. నేను ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగంలో చేరాను. ఇంట్లో తెలుగు, క్లాసులో హిందీ. డెబ్బైల మొదట్లో సంగతి. ఇరవై ఎనిమిదేళ్ల వాడిని, నాకు తెలిసినదంతా నిజమనుకునే వయసు.

ఒకరోజు మా ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదిలోకి పిలిపించారు. అక్కడ ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఊరికి గంట దూరంలో ఉన్న సున్నపురాయి క్వారీకి అసిస్టెంట్ మేనేజరు. శంకర్ నగర్‌లో ప్రిన్సిపాల్ గారి పక్కిల్లు ఆయనది. పది రోజుల కిందట వాళ్ల క్వారీలో ఒక డంపర్ అంచు దాటి గోతిలో పడిపోయింది. అందులో ఉన్న ఇద్దరూ పోయారు, డ్రైవరు ఒకడు, షిఫ్టు దిగి అతని పక్కన కూర్చుని వస్తున్న తవ్వే యంత్రం ఆపరేటరు ఒకడు. పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి, నేనూ చదివాను. మేనేజరు అడిగింది చిన్న ప్రశ్న. గొయ్యి లోతు ఇరవై మీటర్లు. డంపర్ గోడకి ఇరవై నాలుగు మీటర్ల దూరంలో దొరికింది. అంచు దాటేటప్పుడు బండి ఎంత వేగంతో ఉండాలి?

నాకు కాగితం కూడా అవసరం లేదు, అయినా తీసుకున్నాను. ముందు కిందికి పడే సంగతి చూడాలి. బండి అంచు దాటినప్పుడు దానికి కిందికి వేగం ఏమీ లేదు, అడ్డంగానే ఉంది. కాబట్టి ఇరవై మీటర్లు పడడానికి ఎంతసేపో, ఊరికే వదిలేసిన రాయికీ అంతసేపే. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో అడ్డంగా వేగం పెరగదు, తగ్గదు. ఇరవై నాలుగుని రెండుతో భాగిస్తే సెకనుకు పన్నెండు మీటర్లు, అంటే గంటకి నలభై మూడు కిలోమీటర్లు.

క్వారీలో ఇరవై దాటకూడదని బోర్డు ఉందని మేనేజరు అన్నాడు. లెక్క రాసి సంతకం పెట్టి ఇవ్వమన్నాడు. రాసిచ్చాను. కింద నా డిగ్రీ, హోదా కూడా రాశాను. ప్రిన్సిపాల్ గారు టీ తెప్పించారు. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు నాకు గర్వంగానే ఉంది. నేను చెప్పే పాఠం బోర్డు దాటి ఒకచోట పనికొచ్చిందనుకున్నాను.

ఆ మరుసటి వారమే బీఎస్సీ మొదటి సంవత్సరానికి ఆ పాఠం వచ్చింది. పిల్లలకి మొదట నమ్మకం కలగని విషయం ఒకటి ఉంటుంది. వేగంగా విసిరిన వస్తువు ఎక్కువసేపు గాలిలో ఉంటుందనుకుంటారు. అందుకని ప్రతి ఏడూ చేసే పనే చేశాను. బల్ల అంచున రెండు పదిపైసల బిళ్లలు పెట్టి, ఒకదాన్ని స్కేలుతో బలంగా కొట్టి, అదే క్షణంలో రెండోదాన్ని ఊరికే కిందికి జారేలా చేశాను. ఒకటి తలుపు దాకా పోయి పడింది, ఒకటి బల్ల కాళ్ల దగ్గరే పడింది. చప్పుడు మాత్రం ఒక్కటే. కళ్లు మూసుకుని వినమని మళ్లీ చేశాను. అడ్డంగా పోవడం ఒక పని, కిందికి పడడం ఇంకో పని, ఒకదానికి ఇంకోదానితో సంబంధం లేదు, రెండింటినీ కలిపేది గడియారం ఒక్కటే అని చెప్పాను.

ఆ తరవాత లెక్క ఇచ్చాను. క్వారీ లోతు ఇరవై మీటర్లు, డంపర్ ఇరవై నాలుగు మీటర్ల దూరంలో ఉంది, వేగమెంత? ఎవరో వెనక బెంచీలోంచి మొన్న పేపర్లో వచ్చిందేనా సార్ అన్నాడు. అదే అన్నాను. జవాబు బోర్డు మీద రాసి, ఇరవై దాటకూడని చోట నలభై మూడుతో తోలాడు, చూడండి, పాపం పక్కవాడిని కూడా చంపాడు అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఇప్పటికీ ఆ వాక్యం హిందీలో ఏ మాట తరవాత ఏ మాట వచ్చిందో నాకు గుర్తుంది.

ఆ వారం నోటుబుక్కులు దిద్దుతుంటే ఒకదాంట్లో ఆ లెక్క చక్కగా చేసి ఉంది. రెండు సెకన్లు, పన్నెండు మీటర్లు, నలభై మూడు. కింద ఒక గీత గీసి చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న. "ఇరవై నాలుగు మీటర్లు బండి పడిన చోటికా, ఆగిన చోటికా?"

ఆ పుస్తకం ముందు బెంచీలో కూర్చునే ఒక తెలుగమ్మాయిది. రెండు వారాలు కాలేజీకి రాలేదు, అప్పుడే తిరిగి వస్తోంది. మాట్లాడని పిల్ల. క్లాసయ్యాక ఆగమన్నాను. ప్రశ్న మంచిది, నీకు ఎందుకు తోచింది అని తెలుగులో అడిగాను.

"ఆ డ్రైవరు మా నాన్నండి మాస్టారూ" అంది.

 ఆమె ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. జరిగింది వరసగా చెప్పింది. వాళ్లది పలాస దగ్గర ఊరు. నాన్న పదిహేనేళ్ల కిందట ఇక్కడికి వచ్చి క్వారీలో చేరాడు. అక్కడి క్వార్టర్లలోనే ఉంటున్నారు. పోయిన ఆపరేటరు ఇల్లు అదే వరసలో, రెండిళ్ల అవతల. వాళ్లదీ శ్రీకాకుళం జిల్లాయే. రెండిళ్ల ఆడవాళ్లూ అక్కాచెల్లెళ్లలా ఉండేవాళ్లు. రెండు శవాలనీ ఒకే రోజు తీసుకెళ్లారు, రెండిళ్ల వాళ్లూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు. ఆ తరవాత ఎంక్వయిరీలో, కాలేజీ మాస్టారు లెక్క కట్టి చెప్పాడు, బండి నలభై మూడుతో పోయింది అని చదివారట. డ్రైవరు నిర్లక్ష్యం అని రాసేశారు. ఆ రోజు నుంచి ఆపరేటరు భార్య వీళ్ల గుమ్మం వైపు చూడడం లేదు. బోరింగు దగ్గర వీళ్ల అమ్మ బిందె పెడితే తన బిందె తీసేసుకుని వెళ్లిపోతోందట.

"మా నాన్న వేగంగా తోలే మనిషి కాదండి. అందరూ ఆయన్ని ఎద్దుబండి అని ఏడిపించేవారు" అంది.

నేను ఆ లెక్కలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. దూరం ఎక్కణ్నుంచి ఎక్కడికి కొలిచారో అడగలేదు. బండి రాయి మీద పడ్డాక అక్కడే అతుక్కుపోదు. దొర్లుతుంది, జారుతుంది. నేను కట్టిన లెక్క బండి నేలని మొదట తాకే క్షణం వరకే చెల్లుతుంది. ఆ తరవాత జరిగినదంతా వేరే కథ. ఇది పద్దెనిమిదేళ్ల పిల్లకి తోచింది, నాకు తోచలేదు.

ఆదివారం ఇద్దరం బస్సులో వెళ్లాం. డిపార్ట్‌మెంట్ నుంచి ముప్పై మీటర్ల టేపు, ఒక తాడు, ఇనప గుండు తీసుకెళ్లాను. క్వారీ గేటు దగ్గర ఉన్న చౌకీదారు ఛత్తీస్‌గఢీ ముసలాయన. ఆ అమ్మాయిని చూసి ఏమీ అడగకుండా లోపలికి వదిలాడు, మాతోపాటే వచ్చాడు.

పాత గొయ్యి అది. మెట్లు మెట్లుగా తవ్వకుండా నిలువునా తవ్వేశారు. దాని పక్కనుంచే మట్టిబాట వచ్చి, అంచు దగ్గర పక్కకి తిరుగుతుంది. ఆ మలుపులో బండి ఆగడానికి మట్టిగట్టు ఉండాలి. అటూ ఇటూ ఉంది, మలుపు దగ్గర మాత్రం లేదు. వానలకి కొట్టుకుపోయిందని, మళ్లీ వేయమని చెప్పామని చౌకీదారు అన్నాడు. ఆ రోజు పొద్దున ఆరింటికి గేటు దగ్గర నిలబడి ఆయన బండిని చూశాడట. ఎలా పోయింది అని అడిగాను. చప్పుడేమీ పెరగలేదు, మామూలుగా వస్తున్నట్టే వచ్చి, తిరగాల్సిన చోట తిరగకుండా తిన్నగా వెళ్లిపోయింది అన్నాడు. ఎంక్వయిరీలో ఈ మాట చెప్పావా అంటే, నన్నెవరు అడుగుతారు బాబూ అన్నాడు.

తాడుకి గుండు కట్టి అంచు నుంచి దించాను. గోడ కిందికి పోయేకొద్దీ లోపలికి తగ్గింది, దాని మొదట్లో రాళ్లు పోగుపడి ఉన్నాయి. కాబట్టి గోడ మొదలు నుంచి కొలిస్తే తప్పు. అంచుకి సరిగ్గా కింద ఏ చోటు ఉందో అక్కడి నుంచే కొలవాలి. అమ్మాయి కింద నిలబడి గుండు ఆగిన చోట సుద్దతో గీత పెట్టింది. తాడు పైకి లాగి కొలిస్తే పందొమ్మిదిన్నర మీటర్లు. లోతు విషయంలో వాళ్లు అబద్ధం చెప్పలేదు, నేను కట్టిన రెండు సెకన్లూ సరిపోతాయి.

నేను దిగేసరికి ఆమె ఒక చోట కూర్చుని ఉంది. బండిని ఎప్పుడో తీసుకెళ్లిపోయారు. కానీ సున్నపురాయి మీద దెబ్బ అలాగే ఉంది. ఒకచోట పెద్ద గుంట, రాయి చితికి తెల్లగా పొడయింది. అక్కణ్నుంచి నూనె మరకలతో, ఇనుము గీకిన గీతలతో ఒక బాట సాగి, దూరంగా నల్లటి మరక దగ్గర ఆగింది. సుద్దగీత నుంచి గుంటకి కొలిచాం. తొమ్మిది మీటర్లు. నల్లమరకకి కొలిస్తే దాదాపు ఇరవై నాలుగు.

గుంట పక్కనే కూర్చుని లెక్క వేశాను. తొమ్మిదిని రెండుతో భాగిస్తే నాలుగున్నర. గంటకి పదహారు కిలోమీటర్లు. ఈసారి తొందరపడలేదు. బండి ముక్కు ముందు తగిలి ఉంటుంది, మిగతా బండి దాని వెనక ఉంటుంది, కాబట్టి అసలు దూరం తొమ్మిది కన్నా తక్కువే కావచ్చు. ముక్కు కిందికి వాలి పడితే సమయం కాస్త తగ్గుతుంది, వేగం కాస్త పెరుగుతుంది. అన్నీ అటూ ఇటూ వేసి చూశాను. ఎలా చూసినా ఇరవై దాటలేదు. బోర్డు మీద రాసిన హద్దు లోపలే తోలాడు ఆ మనిషి.

ఆమెకి కాగితం ఇచ్చాను. చాలాసేపు చూసింది. సంతోషిస్తుందనుకున్నాను.

"మాస్టారూ, ఇంత నెమ్మదిగా వస్తే బ్రేకు వేస్తే ఆగిపోదాండీ?"

ఆగిపోతుంది. ఆ వేగంలో, పొడి మట్టి మీద, మూడు నాలుగు మీటర్లలో ఆగిపోతుంది. నేను ఆ మాట మనసులో అనుకునేలోపే ఆమెకి తెలిసిపోయింది.  బ్రేకు పాడై ఉండొచ్చు అన్నాను.

"బ్రేకు బాగానే ఉందని వర్క్‌షాపు వాళ్లు రాశారండి. దాని మీద ఎవరూ గొడవ పడలేదు" అంది. తల వంచుకుని, "నాన్న ముందు రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్లాడండి. రాత్రి షిఫ్టు డ్రైవరు రాకపోతే ఆయన్నే ఉండమన్నారు. పొద్దున ఆరింటికి ఇంటికి వస్తున్నాడు" అంది.

పదహారు గంటలు. అందుకే చప్పుడు పెరగలేదు, అందుకే బండి తిరగలేదు. ముసలాయన మాకు కొంచెం దూరంలో రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. టేపు, తాడు చుట్టుకుని మేం బస్సు కోసం రోడ్డెక్కాం.

సోమవారం సాయంత్రం నేను శంకర్ నగర్‌లో మేనేజరు ఇంటికి వెళ్లి కొత్త కాగితం చేతిలో పెట్టాను. నేను ముందు రాసింది తప్పు అని, ఎందుకు తప్పో వివరంగా రాశాను. మలుపులో గట్టు లేదని కూడా రాశాను. ఆయన చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. ఎంక్వయిరీ ముగిసిందన్నాడు. నేను గట్టిగానే అడిగాను, పడిన గుంట మీ మనుషులకి కనిపించలేదా అని. ఆయనకి కోపం రాలేదు, అదే నాకు బాధ కలిగించింది. "నేను మీకు దూరం ఇచ్చాను. ఏ దూరం అని మీరు అడగలేదు. కింద సంతకం మీది" అన్నాడు.

ఆయన అన్నదానిలో తప్పేమీ లేదు. గనుల శాఖకి రిజిస్టరు పోస్టులో ఒక కాపీ పంపాను. అందినట్టు కార్డు వచ్చింది. ఇంకేమీ రాలేదు.

ఆ మాట అమ్మాయికి చెప్పాను. ఆఫీసులో ఎవరు ఏం రాసుకున్నా ఫరవాలేదు, రెండిళ్ల అవతల ఆవిడకి మీరే స్వయంగా చెప్పండి, మేం చెబితే వినదు అంది. వెళ్లకుండా ఉండడానికి నాకు దారి లేదు.

ఆపరేటరు భార్య గుమ్మంలోనే నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. ఎదురుగా నేను, నా వెనక అమ్మాయి, ఆ వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్ల అమ్మ. లెక్క కట్టి చెప్పిన మాస్టారుని నేనేనమ్మా, తప్పు చెప్పాను అన్నాను. లోపలికి రమ్మంది. చాప వేసింది, నాకు మాత్రమే.

లెక్క ఎలా చెప్పాలో తెలియలేదు. క్లాసులో చేసినట్టే గూట్లోంచి రెండు బిళ్లలు పడేసి చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. బండి కిందికి రావడానికి పట్టే సమయం ఎంత వేగంతో వచ్చినా ఒకటేనమ్మా, ఆ కాసేపట్లో ఎంత దూరం పోయింది అన్నదాన్ని బట్టి వేగం తెలుస్తుంది, నేను ఆ దూరమే తప్పుగా తీసుకున్నాను అన్నాను. తొమ్మిది మీటర్లంటే ఎంతో చూపించమంది. గుమ్మం దగ్గరనుంచి అడుగులు వేసి వీధిలోకి వెళ్లి చూపించాను. ఇరవై నాలుగంటే ఎంతో కూడా చూపించమంది. అది బోరింగు దాటి పోయింది. ఆమె ఆ రెండు చోట్లనీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఆయన దూకుడుగా తోల్లేదన్నమాట" అంది.

లేదమ్మా అన్నాను.

"నిదరోయాడు."

నేను తల ఊపాను. వెనక డ్రైవరు భార్య ఏడుపు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. ఆపరేటరు భార్య ఆవిడ వైపు చూడలేదు, నావైపే చూస్తోంది.

"మా ఆయనా పక్కనే కూర్చున్నాడు గదండీ. పక్కన మనిషి నిదరోతే లేపాలి గదా. మాట్లాడుతుండాలి గదా" అని ఆగింది. "ఈయనా రెండు షిఫ్టులు చేశాడు ఆ రోజు."

 అప్పటిదాకా ఆవిడ తన భర్తని ఎవరో చంపేశారనుకుని బతుకుతోంది. కోపం పెట్టుకోవడానికి ఒక ఇల్లు ఉంది, ఒక మనిషి ఉన్నాడు. నేను నిజం చెప్పి అది కూడా తీసేశాను. నిద్రలో ఉన్న ఇద్దరు మనుషులు, రెండు సెకన్లు. వాళ్లకి తెలిసిందో లేదో కూడా తెలియదు. ఆ సంగతి ఏ లెక్కలోనూ రాదు.

ఆవిడ లోపలికి వెళ్లి, ఇంకో చాప తెచ్చి డ్రైవరు భార్య ముందు వేసింది. కూర్చో అని కూడా అనలేదు. ఈవిడ కూర్చుంది. నేను సెలవు తీసుకుని వచ్చేశాను.

ఆ తరవాత నెలకి డ్రైవరు ఇంటివాళ్లు క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. డ్రైవరు నిర్లక్ష్యం అని రాసిన కాగితం మారలేదు కాబట్టి ఆ కుటుంబంలో ఎవరికీ అక్కడ పని ఇవ్వలేదు. అమ్మాయి ఆ సంవత్సరం పరీక్షలు రాయలేదు. వెళ్లే ముందు కాలేజీకి వచ్చి నోటుబుక్కు ఇవ్వమంది. దిద్దిన పుస్తకాల కట్టలోంచి తీసి ఇచ్చాను. పలాసలో మావయ్య వాళ్లింటికి పోతున్నామని చెప్పింది. అక్కడ కాలేజీలో చేరమన్నాను, కావలసిన కాగితాలన్నీ నేను రాసిస్తానన్నాను. చూస్తానండి అంది. చేరిందో లేదో నాకు తెలియదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. ఆమెకి నా చేతిరాత మళ్లీ చూడాలని ఉండదని తరవాత తోచి రాయడం మానేశాను.

ఆపరేటరు భార్యని మాత్రం కొన్నేళ్ల తరవాత ఒకసారి ఆరంగ్ ఊరికి వెళ్లే బస్సులో చూశాను. నన్ను గుర్తుపట్టింది. ఆ క్వారీలోనే నీళ్లు మోసే పనిలో పెట్టుకున్నారట. మలుపులో గట్టు వేశారా అని అడిగాను. వేశారండీ, మాసం తిరగకుండానే వేశారు, ఎత్తుగా వేశారు అంది. ఆ తరవాత ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దిగేదాకా మళ్లీ నావైపు తిరగలేదు.

రిటైరయ్యేదాకా ఆ పాఠం ఇంకా పాతిక సార్లు చెప్పి ఉంటాను. పాఠంలో ఏ తప్పూ లేదు. లెక్క ఇచ్చిన ప్రతిసారీ దూరం దగ్గర ఆగి, ఎవరు కొలిచారు, ఎక్కణ్నుంచి కొలిచారు అని పిల్లల చేత అడిగించేవాడిని. పరీక్షలో ఆ ప్రశ్నకి మార్కులుండవు కదా సార్ అని ఒకడు అన్నాడు. ఉండవు అన్నాను.